వార్డు వదిలి వెళ్తూ... డెంగీ మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

అక్కలకూ, చెల్లెళ్లకూ, నైట్ డ్యూటీల్లో అడక్కుండానే టీ తెచ్చిపెట్టిన వార్డు అన్నలకూ,

శనివారం నా రిలీవింగ్. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చింది కాబట్టి రెండేళ్లపాటు నా బెడ్లు మీరే పంచుకోవాలి. కేకు కోసేటప్పుడు మాట్లాడమంటే నాకు నోరు పెగలదని మీకు తెలుసు. అందుకే రాస్తున్నాను. వానలు పడుతున్నాయి, మన ఫీవర్ వార్డు మళ్లీ నిండుతుంది, అటెండెంట్లు మళ్లీ అవే మాటలు పట్టుకొస్తారు.

వాటిలో ముఖ్యంగా ప్రాణం మీదికి తెచ్చేది ఇది: "జ్వరం తగ్గింది సిస్టర్, డిశ్చార్జ్ చేయించండి."

డెంగీలో అసలు గండం జ్వరం తగ్గాకే మొదలవుతుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య టెంపరేచర్ దిగుతుంది. అప్పుడే కొందరిలో రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోతుంది. ఆ లీకేజీ ఒకటి రెండు రోజులు ఉంటుంది. ఆ సమయంలో పేషెంటు కూర్చుని మాట్లాడుతూనే ఉంటారు, లోపల మాత్రం రక్తం చిక్కబడుతూ ఉంటుంది.

ఆ ఇంటర్ చదివే అమ్మాయి మీకు గుర్తుండే ఉంటుంది. ఐదో రోజు, జ్వరం లేదు, ప్లేట్‌లెట్లు 64 వేలు. పక్క బెడ్డులో 18 వేలున్నావిడ ఇడ్లీ తింటోంది. అది చూసి వాళ్ల నాన్న, "మా పాపకు ఇంకా నయం కదమ్మా, వెళ్లిపోతాం" అని బ్యాగు సర్దేశాడు. అమ్మాయి మాత్రం కడుపునొప్పి అంటోంది, పొద్దున్నుంచి మూడుసార్లు వాంతి చేసుకుంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. గోరు నొక్కి వదిలితే రంగు వెంటనే రాలేదు. పొద్దున 110/70 ఉన్న బీపీ అప్పటికి 104/84. పై అంకె ఒక్కటే చూస్తే బాగానే ఉందనిపిస్తుంది. కానీ రెండింటి మధ్య తేడా 40 నుంచి 20కి పడిపోయింది. 20కి దిగిందంటే అది షాకే. పీసీవీ మళ్లీ పంపితే 36 నుంచి 44కి ఎక్కింది. 20 శాతం దాటి పెరిగిందంటే లీకేజీ జరుగుతున్నట్టే.

డ్యూటీ డాక్టర్ వచ్చి 50 కిలోల అమ్మాయికి గంటలో 500 ఎంఎల్ ఆర్‌ఎల్ పెట్టించారు. చేతులు వెచ్చబడ్డాయి, యూరిన్ వచ్చింది, పీసీవీ దిగింది, దాన్ని బట్టి డ్రిప్ తగ్గిస్తూ వచ్చాం. చిత్రమేమిటంటే మర్నాడు ప్లేట్‌లెట్లు 41 వేలకు పడ్డాయి. నాన్నకు ఒకటే టెన్షన్, ప్లేట్‌లెట్ల కోసం ఊళ్లో అందరికీ ఫోన్లు. అమ్మాయేమో ఆకలేస్తోందని పెరుగన్నం అడుగుతోంది!

ఆయన్ని తప్పుపట్టలేం. రిపోర్టులో ఆయనకు అర్థమయ్యేది ఆ ఒక్క అంకే. ఊరంతా అడిగేదీ అదే. కానీ బ్లీడింగ్ లేకుండా, 10 వేలకు పైన ఉన్నవాళ్లకు మామూలుగా ప్లేట్‌లెట్లు ఎక్కించరు. ఎక్కించినా లీకేజీ ఆగదు. ఈ సంగతి వాళ్లకు ఓపిగ్గా, కూర్చోబెట్టి చెప్పండి. మనం మాత్రం హ్యాండోవర్‌లో ప్లేట్‌లెట్ అంకె చెప్పి ఊరుకోకుండా బీపీ తేడా, పీసీవీ, యూరిన్ ఎంత వచ్చిందో చెప్పుకోవాలి. మెషిన్ బీపీ తీయలేక పదేపదే ఎర్రర్ చూపిస్తే మెషిన్‌ని తిట్టకండి, ముందు పల్స్ పట్టుకుని చూసి, కఫ్ కట్టి చేత్తో తీయండి.

బొప్పాయి ఆకు రసం సంగతి. వాట్సాప్ పుణ్యమా అని ప్రతి బెడ్డు కింద ఒక సీసా. అదీ లీకేజీని ఆపదు. పైగా ఆ చేదుకు వాంతి అయితే, అది రసం వల్లో జబ్బు వల్లో మనకు తెలిసి చావదు. బీట్‌రూట్, దానిమ్మ రసాలు కూడా ఆ రెండు రోజులు వద్దనండి, ఎర్రటి వాంతి చూసి రక్తమనుకుని అందరం పరిగెత్తాల్సి వస్తుంది. ఓఆర్‌ఎస్, మజ్జిగ, గంజి చాలు. ఒళ్లు నొప్పులకు బయట డైక్లో ఇంజెక్షన్ వేయించుకున్నారేమో అడ్మిషన్‌లోనే అడగండి.

"సెలైన్ ఇంకో రెండు బాటిళ్లు పెట్టండి, బలం వస్తుంది" అన్నది ఇంకోటి. కోలుకునేటప్పుడు కారిన ప్లాస్మా మళ్లీ రక్తంలోకి వస్తుంది. అప్పుడు కూడా డ్రిప్ నడిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. యూరిన్ బాగా వస్తూ, పీసీవీ దిగి, దగ్గు, ఆయాసం మొదలైతే డ్రిప్ ఆపే విషయం డాక్టర్‌ని మీరే అడగండి. ఆయన రౌండ్స్‌కు వచ్చేదాకా ఆగొద్దు.

ఇక నా మీద వార్డులో నడుస్తున్న అపోహ: "ఎమ్మెస్సీ అయ్యాక పాఠాలు చెప్పుకుంటుంది, వార్డుకేం వస్తుంది." మెడికల్ సర్జికల్ తీసుకున్నదే బెడ్ దగ్గర పనికోసం. క్లినికల్ పోస్టింగులు కూడా ఉంటాయి.

చేత్తో తీసే బీపీ ఆపరేటస్ రెండో డ్రాయర్‌లో పెట్టాను, కొత్త కఫ్ వేయించాను. పిల్లల కఫ్ కోసం ఇండెంట్ పెట్టాను, ఇంకా రాలేదు. హెడ్ సిస్టర్‌ని మీరే గుర్తు చేయాలి.