ముంజ ముదిరేదాకా తాటికాయ లోపల ఏం జరుగుతుంది?

ముంజను చాలామంది తాటికాయ గుజ్జు అనుకుంటారు. కాదు. తాటికాయ గుజ్జు వేరే ఉంది. శ్రావణ భాద్రపదాల్లో కాయ పండాక పీచు పిసికితే పసుపుగా దిగే పేసం అది. గారెలకూ రొట్టెకూ వాడేది దాన్నే. వేసవిలో మనం తినే ముంజ మాత్రం విత్తనం లోపలి సరుకు. రేపు మొలవబోయే మొక్క కోసం తల్లిచెట్టు ముందే దాచిపెడుతున్న తిండి. దీన్ని వృక్షశాస్త్రంలో అంకురచ్ఛదం అంటారు. కొబ్బరి కూడా అదే. వరి గింజలో మనం అన్నం వండుకునే తెల్లని భాగమూ అదే. ఆ తిండి ఇంకా తయారవుతూ ఉండగానే, గట్టిపడకముందే కాయ కోసి తింటున్నాం కాబట్టి అది మనకు ముంజగా దొరుకుతోంది.

మామిడికాయను రెండు రోజులు ముందో వెనకో కోసినా ముగ్గబెట్టుకోవచ్చు. ముంజకు ఆ వీలు లేదు. కోసేనాటికి ఎలా ఉందో అలాగే తినాలి. అందుకే ముంజల కొనుగోలంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ కాయ లోపల విత్తనం ఏ దశలో ఉంది?

విత్తనం మొదట్లో దాదాపు నీళ్ళ సంచి. మామూలుగా ఒక కణం విడిపోతే రెండు కణాలవుతాయి, మధ్యలో గోడ లేస్తుంది. తాటి అంకురచ్ఛదంలో మొదట అలా జరగదు. కణ కేంద్రకాలు మాత్రమే రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, గోడలు లేకుండా ఆ ద్రవంలోనే పెరిగిపోతాయి. లేత కొబ్బరిబొండంలో నీళ్ళు ఉండి కొబ్బరి లేకపోవడానికి కారణం ఇదే. కొన్నాళ్ళకు సంచి అంచు నుంచి గోడలు కట్టడం మొదలవుతుంది. చర్మాన్ని ఆనుకుని ముందు పలచటి పొర ఏర్పడుతుంది, అది లోపలికి మందమవుతూ వస్తుంది. మధ్యలో మిగిలిన నీరే ముంజ కొరికినప్పుడు గడ్డం మీదికి కారేది. చుట్టూ జెల్లీ, నడుమ తియ్యటి నీరు, ఈ రెండూ సమంగా ఉన్న ముంజే నా దృష్టిలో అసలైన ముంజ.

జెల్లీకి ఆ గుణం ఇచ్చేది గెలాక్టోమనాన్ అనే పిండిపదార్థం. పేరు కొత్తగా ఉన్నా సరుకు మనకు కొత్త కాదు. గోరుచిక్కుడు గింజల నుంచి తీసి ఐస్‌క్రీముల్లో చిక్కదనానికి వేసే గ్వార్ గమ్ కూడా ఈ కుటుంబమే. మానోజ్ అనే చక్కెర అణువులు వరసగా అతుక్కుని పొడవాటి గొలుసవుతాయి. ఆ గొలుసుకు అక్కడక్కడ పక్కకు ఒక్కో గెలాక్టోజ్ అణువు పొడుచుకుని ఉంటుంది. ఈ పక్క కొమ్మల వల్ల ఒక గొలుసు ఇంకో గొలుసుకు దగ్గరగా ఒత్తిగిలలేదు. ఆ సందుల్లోకి నీళ్ళు చేరి అక్కడే చిక్కుకుంటాయి. లేత ముంజ బరువులో సుమారు 90 శాతం నీరే అయినా చేతిలోంచి జారిపోకుండా ముద్దగా నిలబడేది ఇందుకే.

కాయ ముదిరే కొద్దీ గోడల్లో చేరే కొత్త గొలుసులకు పక్క కొమ్మలు తగ్గిపోతాయి. అప్పుడు గొలుసులు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని, నీటిని బయటికి నెట్టి, స్ఫటికంలా బిగుసుకుంటాయి. ముంజ ముందు పారదర్శకత కోల్పోతుంది, తర్వాత పాలలా తెల్లబడుతుంది, ఆ తర్వాత ముదురు కొబ్బరిలా పళ్ళకింద నలుగుతుంది. నడిమి నీరు తగ్గిపోతుంది. ద్రవంలో ఉన్న చక్కెరలు గోడలు కట్టడానికే ఖర్చవుతాయి కాబట్టి తీపి కూడా పోతుంది. చివరికి టెంకలో మిగిలేది కత్తికి కూడా లొంగని గట్టి పప్పు. దక్షిణ అమెరికాలో తాటికి దూరపు చుట్టమైన ఒక తాళవృక్షపు గింజలతో ఏనుగుదంతానికి బదులుగా చొక్కా గుండీలు చేసేవారు. ఆ గట్టితనానికి మూలమూ ఈ మానోజ్ గొలుసులే.

ఇదంతా పైకి కనబడదు. కాయ సైజు చూసి లేతదనం తేల్చలేం. రంగునూ నమ్మలేం. ఒక చెట్టు కాయలు లేతగా ఉన్నప్పుడే నల్లగా ఉంటాయి, పక్క చెట్టువి ముదిరినా ఆకుపచ్చగానే ఉంటాయి. చెట్టెక్కినవాళ్ళు ముందు ఒక కాయ కోసి చూసి, అది సరిగా ఉంటేనే గెల దించుతారు. ఒకే గెలలోని కాయల వయసు దాదాపు ఒకటే కాబట్టి ఆ ఒక్క కాయ మిగతావాటికి సాక్ష్యం. అదే చెట్టు మీద పై గెల ఇంకా లేతగానూ, కింది గెల ముదిరిపోయీ ఉండొచ్చు. కాబట్టి బండి దగ్గర నిలబడినప్పుడు “ఇది ఏ గెలదో ఆ గెలలో ఒకటి కొట్టి చూపించన్నా” అని అడగడం అన్నిటికన్నా నికరమైన పద్ధతి. రెండు మూడు గెలల కాయలు కలిసిపోయిన కుప్పలో ఏరుకోవడం మాత్రం కష్టం.

ఎన్ని ముంజలు వస్తాయన్నది మాత్రం బయటినుంచే చెప్పొచ్చు. ఆడ తాటి పువ్వు అండాశయంలో మూడు గదులుంటాయి, ఒక్కో గదిలో ఒక్కో విత్తనం. మూడు గదుల్లోనూ విత్తనం పట్టితే కాయ మూడు వైపులా ఉబ్బి పైనుంచి చూస్తే కాస్త ముక్కోణంగా ఉంటుంది. రెండే పట్టితే అణిచినట్టు పలకగా ఉంటుంది. ఒక్కటే పట్టితే చిన్నగా, గుండ్రంగానో ఒక పక్కకు ఒరిగినట్టుగానో వస్తుంది. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు కావడంతో పుప్పొడి అందని గది ఎండి సన్నటి చీలికలా మిగిలిపోతుంది. అలాంటి కాయ కొట్టి రెండే కళ్ళు కనబడితే అది అమ్మేవాడి మోసం కాదు.

కోసిన కాయలో చూడాల్సింది ముంజ కన్నా ముందు దాని చుట్టూ ఉన్న వలయం. టెంక కట్టే పొర అదే. లేత కాయలో అది తెల్లగా, పీచుతో కలిసిపోయి, ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉంటుంది. కత్తి ఒక్క వేటుకే దిగుతుంది. ముదిరే కొద్దీ ఆ వలయం గోధుమరంగు గీతలా విడిగా కనబడుతుంది, కత్తి దాని దగ్గర ఆగుతుంది, చప్పుడు మారుతుంది. గీత స్పష్టంగా కనబడిందంటే ముంజ పళ్ళకు పని చెప్పే రకమని అర్థం. తర్వాత కంటి మీద బొటనవేలు ఆనించి మెల్లగా నొక్కండి. చెవి తమ్మెలా ఒత్తిగిలి మళ్ళీ లేస్తే తినడానికి సిద్ధం. వేలు ఒత్తగానే చితికి నీళ్ళు వస్తే మరీ లేత, తీపి ఇంకా కుదరలేదు. వేలు అసలు దిగకపోతే వదిలేయండి. కోసిన ముఖం గోధుమరంగుకు తిరిగితే అది లేతా ముదురా అన్నదానికి గుర్తు కాదు. పీచులోని కసరు పదార్థాలకు గాలి తగిలి రంగు మారింది, అంతే. కాయ కొట్టి కొంతసేపయిందని మాత్రం అది చెబుతుంది.

ఇంట్లో కొట్టాలంటే బరువైన కత్తి కావాలి, కూరగాయల చాకు చాలదు. కాయను చేత్తో పట్టుకుని కొట్టే ఒడుపు అలవాటైనవాళ్ళకే. మనం మొద్దు మీద నిలకడగా ఆనించి, ముచ్చికను ఊడదీసి, ఆ వైపు నుంచి పలచగా ఒక పొర తీయాలి. మొదటి పొరకే కళ్ళు తెరుచుకోకపోవచ్చు. ఇంకో పొర, ఇంకా పలచగా. ఒక్కసారే లోతుగా నరికితే ముంజల తలలు తెగి నీరంతా పీచులోకి ఇంకిపోతుంది, కొనుక్కున్న రుచిలో సగం అక్కడే పోతుంది. కళ్ళు కనబడ్డాక రెండు దారులు. కాయలోనే బొటనవేలు దూర్చి గోరుతో చుట్టూ తిప్పి పైకి లాగి తినేయడం ఒకటి. లేతవాటికి ఇదే మంచిది, నీరు చుక్క పోదు. చర్మంతో సహా నిండుగా తీయాలంటే కంటి చుట్టూ పీచును చెక్కి, కత్తి మొన పక్కనుంచి పోనిచ్చి ముంజను ఎత్తాలి. టెంక ఇంకా మెత్తగా ఉన్నప్పుడే ఇది సాధ్యం. పీచు రసం బట్టలకు అంటితే మరక వదలదు, పాత బట్టలు కట్టుకుని కూర్చోవడం మేలు.

ముంజ మీది లేత పసుపు పొర విత్తనపు చర్మం. కాస్త వగరుగా ఉంటుంది. బాగా లేతదైతే దాంతోనే తినేయొచ్చు. పొర గోధుమరంగుకు తిరిగి మందమైతే వగరు నాలుకకు అంటుతుంది కాబట్టి తీసేయాలి. చల్లటి నీళ్ళలో వేసి నీళ్ళ లోపలే అంచు దగ్గర గిల్లి లాగితే ముంజ చితక్కుండా వస్తుంది. కాయలో ఉన్నంతవరకు ముంజ ఒకటి రెండు రోజులు ఆగుతుంది. బయటికి తీసిందాన్ని మాత్రం ఆ పూటే తినాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి ముగించాలి. తీపి, నీరు, వేసవి వేడి మూడూ కలిస్తే పులియడానికి ఎంతోసేపు పట్టదు. జిగురు తీగ సాగినా, పుల్లటి వాసన వచ్చినా, నీటిలో బుడగలు కనబడినా పారేయండి. చెట్టు మీంచి తాడుతో దించకుండా గెలను కింద పడేస్తే లోపల ముంజలు చిట్లుతాయి. అలాంటి కాయ పైకి బాగానే ఉన్నా కొట్టేసరికి పులుపు వాసన కొడుతుంది.

ముదురు ముంజలు తింటే కడుపునొప్పి వస్తుందని పిల్లలను పెద్దలు ఆపడం సబబే. బిగుసుకున్న మానోజ్ గొలుసులను తెంచే ఎంజైము మన పేగుల్లో లేదు. సరిగా నమలని ముక్కలు అలాగే పెద్దపేగు దాకా పోతాయి, అక్కడి సూక్ష్మజీవులు వాటిమీద పనిచేసి గ్యాస్ పుట్టిస్తాయి. ఒకటో రెండో తింటే ఏమీ కాదు, అరడజను తింటే రాత్రి తెలుస్తుంది.

మనకు లేని ఆ ఎంజైము విత్తనానికి ఉంది. పండిన కాయ టెంకలను మట్టిలో పాతర వేస్తే మొలక టెంక బయటికి వచ్చి నేలలోకి దిగుతుంది. దాని ఇంకో కొస మాత్రం టెంకలోనే ఉండిపోయి, ఒకప్పుడు ముంజ నీరు నిండిన ఖాళీలోకి మెత్తటి స్పాంజిలా ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న గట్టి పప్పును కరిగించి, చక్కెరగా మార్చి పీల్చుకుంటుంది. మనం టెంక పగలగొట్టి తినే బుర్రగుంజు అదే. ముంజ ముదిరినప్పుడు పోయిన తీపి మళ్ళీ వచ్చేదీ అక్కడే. పాతరను తొందరగా తవ్వితే బుర్రగుంజు నిండుగా దొరుకుతుంది, తేగ ఇంకా సన్నగా ఉంటుంది. సంక్రాంతి దాకా ఆగితే ఆ తిండి చాలావరకు కిందికి దిగిపోయి తేగ ఊరి ఉంటుంది, టెంకలో గుంజు వడలిపోతుంది.