నిన్నే అన్న మాటలోని ‘ఏ’

హనుమకొండ

బిడ్డలకు దాదా సలాం.

ఈ ఉత్తరం ఉర్దూలో మొదలుపెట్టి రెండు లైన్లు రాశాక ఆపేశాను. మీకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. బళ్లో ఇన్నేళ్లు తెలుగు చెప్పినవాణ్ని కాబట్టి నాకేం ఇబ్బంది లేదు. మీ దాదీకే కొంచెం మనసు కష్టమైంది.

మొన్న సెలవుల్లో చిన్నది మగ్రిబ్ నమాజు అయ్యాక, “దాదా, అల్లాకు తెలుగు రాదా?” అని అడిగింది. దాదీ వెంటనే “తౌబా” అని నోరు మూయించింది. నేను కూడా అప్పుడేమీ మాట్లాడలేదు. కానీ అది తప్పు ప్రశ్నేమీ కాదు బిడ్డా. పన్నెండు వందల ఏళ్ల కిందటే పెద్ద పెద్ద ఆలిములు దాని మీద వాదించుకున్నారు.

మనం ఏ ఇమామ్ పద్ధతిలో నమాజు చదువుతామో, ఆ ఇమామ్ అబూ హనీఫాగారి దగ్గరే ఈ వాదం మొదలైంది. ఆయనది ఇరాక్‌లోని కూఫా ఊరు. అరబ్బీ నోరు తిరగని పారసీవాళ్లు చాలామంది కొత్తగా దీన్‌లోకి వస్తున్న రోజులవి. నమాజులో ఖురాన్‌ను పారసీలో చదివినా చెల్లుతుందని ఆయన అన్నారు. ఆయన శిష్యులిద్దరూ, అబూ యూసుఫ్, ముహమ్మద్, అంత దూరం పోలేదు. అరబ్బీ బొత్తిగా రానివాడికైతే సరే, వచ్చినవాడికి చెల్లదన్నారు. చివరికి గురువుగారు కూడా శిష్యుల మాటకే వచ్చారని మన హనఫీ కితాబుల్లో ఉంది. ఇమామ్ షాఫయీ అయితే అసలు ఒప్పుకోలేదు. రానివాడు నేర్చుకునేదాకా అల్లాను తలుచుకుంటూ నిలబడాలి గానీ తర్జుమా చదవకూడదని ఆయన పక్షం.

వాళ్ల పట్టుదల దేనికో తెలియాలంటే మీకు నోటికొచ్చిన ఫాతిహానే, ఖురాన్ మొదటి సూరానే చూడండి. ఒక్కరే చదువుకునేటప్పుడు ఫర్జ్ రకాతుల్లోనే రోజుకు 17 సార్లు దాన్ని చదువుతారు. అందులో ‘ఇయ్యాక నఅబుదు’ అని వస్తుంది కదా. మామూలుగా అరబ్బీలో ‘మేము నిన్ను ఆరాధిస్తాము’ అనాలంటే ‘నఅబుదుక’ అంటే సరిపోతుంది. ఇక్కడ ‘నిన్ను’ అనే మాటను వెనక నుంచి తీసుకొచ్చి ముందు పెట్టారు. అలా ముందుకు రావడంతోనే ‘నిన్ను మాత్రమే, ఇంకెవర్నీ కాదు’ అనే అర్థం వచ్చింది. అందుకోసం వేరే మాటేదీ చేర్చలేదు.

ఇంగ్లిషులో ఇది కుదరదు. మన హైదరాబాద్‌లోనే నిజాం కొలువులో ఉంటూ చాదర్‌ఘాట్ హైస్కూలు నడిపిన పిక్తాల్ అనే ఇంగ్లండు దొర ఖురాన్‌ను ఇంగ్లిషులోకి తెచ్చాడు. ఆయన అప్పటికే ముస్లిం అయ్యాడు. ఈ ఆయత్ దగ్గర ‘మాత్రమే’ అనే మాటను బ్రాకెట్లో పెట్టాల్సి వచ్చింది. ఆ మాట అసలులో లేదు, నేను చేర్చాను అని బ్రాకెట్‌తో ఒప్పుకున్నాడన్నమాట. తెలుగులో ఆ తంటా లేదు. ‘నిన్నే’ అంటే చాలు, చివరి ‘ఏ’ మొత్తం పని చేసేస్తుంది. ఇన్నేళ్లు పిల్లలకు అవధారణార్థకం అని బోర్డు మీద రాసి చెప్పినప్పుడు నాకిది తట్టలేదు.

‘మేము’ కూడా అంతే. ఇంగ్లిషుకు, అరబ్బీకి ఒకటే మాట. మనకు ‘మనం’, ‘మేము’ అని రెండున్నాయి. అల్లాతో మాట్లాడుతూ ‘మనం నిన్నే ఆరాధిస్తాం’ అంటే ఆయన్ని కూడా ఆరాధించేవాళ్లలో కలిపేసినట్టవుతుంది. కాబట్టి ఇక్కడ ‘మేము’ అనే రాయాలి.

ఇలా అన్నిచోట్లా తెలుగు గెలుస్తుందనుకోవద్దు. ఇయ్యాకకు ముందున్న ఆయత్‌లో ‘మాలికి’ అని మీరు దీర్ఘం తీసి చదువుతారు, అంటే యజమాని. దీర్ఘం లేకుండా ‘మలికి’ అని కూడా ఒక పాఠం ఉంది, అంటే రాజు. మొరాకో వైపు అలాగే చదువుతారు. పాతకాలపు రాతలో మీమ్, లామ్, కాఫ్ మూడే అక్షరాలు కాబట్టి రెండు పాఠాలూ అందులోనే ఇముడుతాయి, రెండూ సరైనవే. తర్జుమా చేసేవాడు మాత్రం ఏదో ఒకటే రాయగలడు. పిక్తాల్ ‘యజమాని’ అనే రాశాడు. ఆయన పుస్తకం ఒక్కటే చదివినవాడికి రాజు అనే అర్థం ఉందన్న సంగతే తెలియదు.

దాని పక్కన ‘యౌమిద్దీన్’ ఉంది. ఈ మాటతో నేనే బోల్తా పడ్డాను. ఉర్దూలో దీన్ అంటే మతం కదా, అందుకని చిన్నప్పుడు దాన్ని ‘మతం రోజు’ అనుకుని, జుమ్మా అయ్యుంటుందిలే అని చాలా ఏళ్లు అలాగే చదివాను. అరబ్బీలో ఆ మాటకు లెక్క తేల్చడం, ప్రతిఫలం ఇవ్వడం అనే అర్థం ఉంది. ఇక్కడ తీర్పు దినం అన్నమాట. తెలిసిన మాటే అనుకున్నచోటే ఎక్కువ మోసపోతాం.

పిక్తాల్ పుస్తకం 1930లో వచ్చింది. ఖురాన్‌ను అనువదించడమే తగదనేవాళ్లు అప్పట్లో ఈజిప్టులో గట్టిగా ఉన్నారు. ఆయన అక్కడికి వెళ్లి పండితులతో మాట్లాడి వచ్చాడు. పుస్తకానికి ఖురాన్ అని కాకుండా ‘ఖురాన్ అర్థం’ అని పేరు పెట్టాడు. మన అల్మారాలో ఉన్న తెలుగు పుస్తకం అట్ట కూడా చూడండి, భావానువాదం అని ఉంటుంది. వినయం కోసం వేసిన మాట కాదది. చదివి తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది, నమాజులో ఖురాన్ స్థానంలో నిలబడదు అని అందులో ఉంది.

మన దేశంలో అంతకు ముందే ఢిల్లీలో ఒక ఇంట్లో రెండు దారులు పట్టారు. షా వలీయుల్లాగారు పారసీలో తర్జుమా చేశారు. ఆయన కొడుకుల్లో ఇద్దరు ఉర్దూలో చేశారు. షా రఫీయుద్దీన్ ప్రతి అరబ్బీ మాట కింద దాని ఉర్దూ మాట పెట్టుకుంటూ పోయారు. పాఠం తప్పదు గానీ వాక్యం కుంటుతుంది. షా అబ్దుల్ ఖాదిర్ జనం మాట్లాడే ఉర్దూలో రాశారు. హాయిగా చదువుకోవచ్చు, కానీ ఏ మాట ఎక్కడిదో పట్టుకోవడం కష్టం. నేను ఒకటి పక్కన ఒకటి తెరిచి పెట్టుకుంటాను. రెండూ వేర్వేరుగా చెప్పాయంటే అక్కడ అరబ్బీ మాటకు ఒకటికి మించి అర్థం ఉందని తెలుస్తుంది.

పెద్దోడు అడిగాడు, మరి చర్చిలో తెలుగు బైబిలే చదువుతారు కదా అని. నిజమే, వాళ్లకు ఆరాధనలో చదివే గ్రంథం ఆ తెలుగుదే. మనకు పక్కనే ఉన్న బమ్మెర పోతనగారి సంగతి ఇంకా వేరు. ఆయన సంస్కృత భాగవతం ఎదురుగా పెట్టుకుని రాసినా, కావాల్సినచోట పెంచి సొంత పద్యం కట్టాడు. గుడిలో పూజ మంత్రం సంస్కృతంలోనే ఉంటుంది. భజనలోనూ, కష్టం వచ్చినప్పుడూ ఇక్కడివాళ్ల నోట వచ్చేది మాత్రం పోతన పద్యమే. ‘నీవే తప్ప నితఃపరం బెఱుగ’ అని ఏనుగు మొరపెట్టుకుంటుంది చూడండి, అందులోనూ ఆ ‘ఏ’ ఉంది. ఇయ్యాక అర్థం నాకు నిజంగా తెలిసింది క్లాసులో ఆ పద్యం చెబుతున్నప్పుడే. ఈ మాట మన మౌల్వీసాబ్‌తో అంటే నవ్వి ఊరుకున్నారు.

కాబట్టి చిన్నదానికి నా జవాబు ఇదీ. నమాజు అరబ్బీలోనే చదువు. అయిపోయాక చేతులెత్తి దుఆ చేసేటప్పుడు తెలుగులో అడుగు, మీ అమ్మతో మాట్లాడినట్టు అడుగు, ఎవరూ కాదనరు. తెలుగు పుస్తకంలో రోజూ రెండు ఆయతులు చదివి, అనుమానం వచ్చినచోట పెన్సిల్‌తో గీత పెట్టు, పెన్నుతో వద్దు. ఒకటి నేనే ముందు చెబుతాను. ఖద్ర్ సూరాలో అల్లా ‘మేము దీన్ని అవతరింపజేశాము’ అంటాడు. ఉర్దూలో పెద్దవాళ్లు ‘హమ్’ అనడం మీ చెవికి అలవాటే కాబట్టి అక్కడ ఏమీ అనిపించదు. తెలుగులో చూసి మాత్రం, దేవుడు ఒక్కడే కదా, మేము ఏమిటి అని తప్పకుండా అడుగుతావు. అది గౌరవ బహువచనం.

పుస్తకం ఆకుపచ్చ గుడ్డ జుజ్‌దాన్‌లో చుట్టి పెట్టాను. అందులో అరబ్బీ కూడా పక్కనే ఉంది కాబట్టి వజూ చేసుకుని తీయండి. జుజ్‌దాన్ కుట్టింది మీ దాదీ. కోపం పోయినట్టే ఉంది.

మీ దాదా