చక్రవర్తి అడిగిన ధ్రువపత్రం

క్రీస్తుశకం 250 జూన్ 26. రోమన్ పాలనలో ఉన్న ఈజిప్టులోని ఫయ్యూం ప్రాంతంలో ఒక పల్లెటూరు. ఔరేలియస్ డయోజెనిస్ అనే 72 ఏళ్ల ముసలాయన ఊళ్లో బలుల పర్యవేక్షణకు నియమించిన అధికారులకు ఒక అర్జీ పెట్టుకున్నాడు. తండ్రి పేరు సతబూస్ అనీ, తన కుడి కనుబొమ మీద మచ్చ ఉందనీ గుర్తు చెప్పాడు. తరవాత అసలు విషయం: నేను ఎప్పుడూ దేవతలకు బలులు ఇస్తూనే ఉన్నాను, ఇప్పుడు శాసనం ప్రకారం మీ ఎదురుగానే బలి ఇచ్చాను, ద్రాక్షసారా ధారపోశాను, బలి మాంసం తిన్నాను, ఈ సంగతి కింద ధ్రువీకరించండి. అర్జీ రాసిన పపైరస్ కాగితం ఈజిప్టు ఇసుకలో పాడవకుండా మిగిలి, 19వ శతాబ్దం చివర్లో పండితుల చేతికి వచ్చింది. అలాంటివే మరో నలభై పైచిలుకు దొరికాయి. సింహాల నోట పడ్డ క్రైస్తవుల కథలు మనకు బాగా తెలిసినవే. రోమన్ ప్రభుత్వం క్రైస్తవుల విషయంలో నిజంగా ఏం చేసిందో తెలుసుకోవాలంటే మాత్రం ఈ చీటీలే ఎక్కువ ఉపయోగపడతాయి.

దీనికి ముందు దాదాపు రెండు వందల ఏళ్లపాటు రోమన్ ప్రభుత్వానికి క్రైస్తవుల విషయంలో ఒక విధానమంటూ పెద్దగా లేదు. 64లో రోమ్ నగరం తగలబడ్డప్పుడు నీరో ఆ నింద వాళ్ల మీద మోపి కొందరిని ఘోరంగా చంపించాడు, కానీ అది ఆ నగరం దాటి వెళ్లలేదు. 112 ప్రాంతంలో నల్లసముద్రం తీరాన గవర్నరుగా ఉన్న ప్లినీకి క్రైస్తవులంటూ కొందరి మీద ఫిర్యాదులు వచ్చాయి. ఏం చెయ్యాలో తోచక ఆయన ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. వాళ్లను వెతికి పట్టుకోవద్దు, ఎవరైనా ఫిర్యాదు చేసి రుజువైతే శిక్షించండి, క్రైస్తవుణ్ణి కాదని చెప్పి మన దేవతలను కొలిస్తే వదిలెయ్యండి, ఆకాశరామన్న ఉత్తరాలు పట్టించుకోవద్దు అని ట్రాజన్ జవాబిచ్చాడు. ఈ తీర్పులో పొంతన లేదు. నేరమే అయితే వెతకొద్దనడం దేనికి? నేరం కాకపోతే శిక్ష దేనికి? అయినా చాలాకాలం అదే నడిచింది. ఒక ఊళ్లో కరువో, భూకంపమో వచ్చి జనం కోపంతో ఉన్నప్పుడు, గవర్నరు కూడా అందుకు తగ్గవాడైతే, కొందరి ప్రాణాలు పోయేవి. పక్క రాష్ట్రంలో అదే సమయాన ప్రార్థనలు మామూలుగా సాగుతుండేవి.

ఈ తీరు మార్చినవాడు డేసియస్ చక్రవర్తి. 249 శరదృతువులో సింహాసనం ఎక్కాడు. అప్పటికి సరిహద్దుల్లో గోత్ అనే తెగలవాళ్లు చొరబడుతున్నారు, చక్రవర్తులు ఒకరి తరవాత ఒకరు సైన్యం చేతుల్లో చస్తున్నారు. దేవతలకు కోపం వచ్చిందని, అందరూ కలిసి శాంతింపజెయ్యాలని ఆయన నమ్మినట్టుంది. సామ్రాజ్యంలోని వాళ్లంతా బలి ఇవ్వాలని ఆజ్ఞ వేశాడు. ఆ శాసనం నకలు ఒక్కటి కూడా మిగల్లేదు. అందులో ఏముందో ఊహించడానికి ఫయ్యూం చీటీలే ఆధారం.

చీటీల్లో నన్ను ఆశ్చర్యపరిచేది, క్రైస్తవం ప్రస్తావనే లేకపోవడం. ఎవరూ తన మతాన్ని ఖండించనక్కర్లేదు, ఎవర్నీ తిట్టనక్కర్లేదు. పైగా పెటెసూఖోస్ అనే మొసలి దేవుడి గుడిలో పూజారిణి అమ్మోనూస్ కూడా ఒక చీటీ తీసుకుంది. ఆవిడ క్రైస్తవురాలని ఎవరు అనుమానిస్తారు? అంటే ఈ నియమం అందరికీ వర్తించింది. వేరే దేవతలకు బలి ఇవ్వడం తమ మతం ఒప్పుకోదు కాబట్టి క్రైస్తవులకు మాత్రం అది ఉచ్చులా బిగుసుకుంది.

ఇదంతా సాధ్యపడడానికి కారణముంది. 212లో కారకల్లా దాదాపు స్వతంత్రులందరికీ రోమన్ పౌరసత్వం ఇచ్చాడు. చీటీల్లో ఇంతమంది ఔరేలియస్‌లు, ఔరేలియాలు కనిపించడానికి కారణం అదే. కొత్త పౌరులు ఆ చక్రవర్తి ఇంటిపేరు పెట్టుకున్నారు. ఇక ఈజిప్టులో జనాభా లెక్కలకూ పన్నులకూ మనుషుల పేరు, తండ్రి పేరు, వయసు, పుట్టుమచ్చలు రాసుకోవడం పాత అలవాటే. మన రెవెన్యూ ఆఫీసులో ఆదాయ ధ్రువపత్రానికి వెళ్లినట్టే, రాసిపెట్టే లేఖకుడి దగ్గరికెళితే మాటలన్నీ సిద్ధంగా ఉండేవి. పేరూ వివరాలూ మాత్రమే మారేవి. తెయాడెల్ఫియా అనే ఊరి చీటీల మీద ఔరేలియస్ సెరెనస్, ఔరేలియస్ హెర్మాస్ అనే ఇద్దరు అధికారులు 'నువ్వు బలి ఇస్తుండగా చూశాం' అని ధ్రువీకరించారు. ఒకే మనిషి పేరిట రెండు ప్రతులు కూడా దొరికాయి. ఒకటి ఆఫీసుకి, ఒకటి ఆ మనిషికి అయ్యుంటుంది.

కాగితం ఉన్నచోట దొడ్డిదారీ ఉంటుంది. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో చాలామంది క్రైస్తవులు లొంగిపోయారు. కొందరు నిజంగానే బలి ఇచ్చారు, కొందరు ధూపం వేసి సరిపెట్టుకున్నారు, మరికొందరు బలి జోలికి పోకుండా అధికారులకు డబ్బిచ్చి చీటీ మాత్రం సంపాదించారు. బిషప్ సిప్రియన్ అజ్ఞాతంలోకి వెళ్లాడు, కొందరికి అది నచ్చలేదు. 251లో డేసియస్ గోత్‌లతో యుద్ధంలో చనిపోయి దాడి ఆగాక అసలు తగవు మొదలైంది: లొంగినవాళ్లను తిరిగి చేర్చుకోవాలా? లొంగకుండా జైలుకెళ్లి వచ్చినవాళ్లు ఉదారంగా క్షమాపణ పత్రాలు రాసిచ్చేవారు, అంటే ప్రభుత్వం చీటీకి బదులు ఇంకో చీటీ. బిషప్‌లు సభ చేసి, చీటీ కొన్నవాళ్ల సంగతి ఒక్కొక్కరిదీ విచారించి చూద్దామని, బలి ఇచ్చినవాళ్లు దీర్ఘకాలం ప్రాయశ్చిత్తం చెయ్యాలని తేల్చారు. రోమ్‌లో ఇదే విషయం మీద చర్చి చీలింది.

తరవాత వచ్చిన వలేరియన్ చక్రవర్తి అందర్నీ లైన్లో నిలబెట్టడం మాని నాయకుల మీద పడ్డాడు. 257లో మొదటి ఆజ్ఞ, 258లో రెండోది: బిషప్‌లకు, మతగురువులకు మరణం, క్రైస్తవులైన ఉన్నతవర్గాలవాళ్లకు హోదా, ఆస్తి ఊడతాయి. సిప్రియన్ తల తెగింది అప్పుడే, 258 సెప్టెంబరు 14న. రెండేళ్లకు వలేరియన్ పర్షియన్లకు చిక్కాడు. కొడుకు గాలియెనస్ ఆ ఆజ్ఞలు ఎత్తేసి క్రైస్తవుల స్థలాలు తిరిగి ఇప్పించాడు. ఆ తరవాత నలభై ఏళ్లకు పైగా పెద్దగా అల్లరి లేదు.

303 ఫిబ్రవరిలో డయోక్లీషియన్ చక్రవర్తి మొదలుపెట్టిన దాడి అన్నిటికన్నా పెద్దది. ఈసారి గురి కట్టడాలు, పుస్తకాలు, ఆస్తులు. 304 నాటి ఒక పపైరస్‌లో ఈజిప్టు పల్లె ఖ్యూసిస్‌కు చెందిన అమ్మోనియస్, మా చర్చిలో బంగారం, వెండి, డబ్బు, బట్టలు, పశువులు, బానిసలు, స్థలాలు ఏవీ లేవు, ఉన్న కాస్త ఇత్తడి సామాను అప్పజెప్పేశాను అని ప్రమాణపత్రం ఇచ్చాడు. ఆయన చర్చిలో గ్రంథాలు చదివి వినిపించే ఉద్యోగి. అయితే కింద, ఈయనకు చదువు రాదు కాబట్టి ఈయన బదులు వేరొకరు సంతకం చేశారు అని ఉంది! తప్పించుకోడానికి వేసిన ఎత్తా, గ్రీకు రాక వేరే భాషలోనే చదివేవాడా అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

పడమటి రాష్ట్రాల్లో ఈ ఆజ్ఞలు త్వరగానే నీరసించాయి, తూర్పున ఏళ్లతరబడి రక్తం కారింది. 311 ఏప్రిల్ 30న, రోగంతో చావుకు దగ్గరపడ్డ గలేరియస్ చక్రవర్తి ఆజ్ఞ ఒకటి వెలువడింది. క్రైస్తవులు మళ్లీ సమావేశం కావచ్చు, కాకపోతే మా క్షేమం కోసం మీ దేవుణ్ణి ప్రార్థించండి అని. అందరి దేవతలనూ తృప్తిపరచాలన్న డేసియస్ లెక్కే ఇది కూడా, ఈసారి క్రైస్తవుల దేవుడు కూడా ఆ లెక్కలో చేరాడు. 313లో కాన్‌స్టాంటైన్, లిసీనియస్ అనే ఇద్దరు చక్రవర్తులు మిలాన్‌లో కలుసుకుని ఒప్పుకున్న విషయాలను లిసీనియస్ జూన్ 13న నికోమీడియాలో గవర్నరుకు రాసిన ఉత్తరంగా ప్రకటించాడు. ప్రతివాళ్లూ తమకిష్టమైన మతాన్ని పాటించవచ్చంది అది. చివరి భాగమంతా ఆస్తుల గురించే: క్రైస్తవులు కూడే స్థలాలు ఖజానా నుంచి కొన్నవాళ్లైనా, దానంగా పొందినవాళ్లైనా పైసా అడక్కుండా తిరిగి ఇచ్చెయ్యాలి, నష్టపోయామనుకుంటే పరిహారం కోసం పైఅధికారికి అర్జీ పెట్టుకోవాలి.