హాస్టల్ రూల్స్ మర్యాదగా రాస్తే పిల్లలు మాట వినరా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హాస్టళ్ల సర్క్యులర్లు తిరగరాయడం నా పనిలో ఒక భాగం. వార్డెన్లు ఎక్కువగా అనే మాటలు, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: మాట మెత్తబడితే రూల్ కూడా మెత్తబడుతుంది.

నా దగ్గరికి వచ్చే కాగితాల్లో గేటు గురించి దాదాపు ఇలాగే ఉంటుంది: "రాత్రి 9 గంటల తర్వాత వచ్చే విద్యార్థులను లోపలికి అనుమతించబడదు. ఎటువంటి సాకులూ వినబడవు. అతిక్రమించిన వారిపై కఠిన చర్యలు తీసుకోబడును."

చదవడానికి గట్టిగానే ఉంది. కానీ బస్సు ఆలస్యమై ఒక అమ్మాయి 9:20కి గేటు దగ్గరికి వచ్చిందనుకుందాం. వాచ్‌మన్ ఏం చేయాలి? కాగితం ప్రకారమైతే ఆమెను రోడ్డు మీద నిలబెట్టాలి. ఆ పని ఏ వార్డెనూ ఒప్పుకోరు. కాబట్టి వాచ్‌మన్ తనకు తోచినట్టు నాలుగు మాటలు అని, బతిమాలించుకుని, చివరికి తలుపు తీస్తాడు. రూల్ అమలు కాలేదు, అవమానం మాత్రం జరిగింది. ఇక గేటు తీయరని నిజంగా నమ్మిన పిల్లలు గోడ దూకుతారు, లేదా తెల్లారేదాకా ఎక్కడో ఉండిపోతారు. ఆ రాత్రి వాళ్లు ఎక్కడున్నారో హాస్టల్‌కి తెలియదు.

అదే రూల్‌ని నేను ఇలా రాస్తాను:

"గేటు రాత్రి 9 గంటలకు మూస్తాం. ఆలస్యమవుతుందని తెలియగానే హాస్టల్ ఆఫీసుకు ఫోన్ చేయండి. 9 తర్వాత ఏ వేళకు వచ్చినా లోపలికి రానిస్తాం. పేరు, వచ్చిన సమయం, కారణం రిజిస్టర్‌లో రాసి గదికి వెళ్లండి. కారణం గురించి వాచ్‌మన్ ప్రశ్నించరు. అవసరమైతే మర్నాడు వార్డెన్ మాట్లాడతారు."

గేటు టైమ్ ఒక్క నిమిషం కూడా మారలేదు. వాచ్‌మన్ ఏం చేయాలో, ఏం చేయకూడదో మాత్రం తేలిపోయింది.

అపోహ: కారణం చెబితే వాదనకు దిగుతారు.

"మీ భద్రత కోసమే" అని రాస్తే దిగుతారు, నిజమే. అది దేనికైనా అతికే మాట. "9:30కి హాజరు తీసుకుంటాం, రాత్రి షిఫ్టులో గేటు దగ్గర ఒక్కరే ఉంటారు" అని రాయండి. ఇష్టం లేకపోయినా అర్థమవుతుంది.

కారణం రాయడం వల్ల వార్డెన్‌కే ఇంకో లాభం ఉంది. ఒకే ప్రాంగణంలో అబ్బాయిల గేటు 10కి, అమ్మాయిల గేటు 8కి మూస్తున్నారనుకోండి. ఆ తేడాకి కారణం ఒక్క వాక్యంలో రాయమని అడుగుతాను. సాధారణంగా పెన్ను అక్కడే ఆగిపోతుంది. అలాంటి చోట మార్చాల్సింది రూల్‌నే. నేనెంత బాగా రాసినా అది న్యాయంగా కనిపించదు.

అపోహ: విజిటర్ల విషయంలో అనుమానంగా ఉంటేనే మంచిది.

"రక్తసంబంధీకులు మాత్రమే, సంబంధం రుజువు చేయాలి" అని రాస్తే పెంచిన పిన్ని కూడా గేటు బయటే ఆగిపోతుంది. ఎవరు ఏమవుతారన్నది వదిలేసి ఎక్కడ, ఎప్పుడు అన్నది రాస్తే సరిపోతుంది: "విజిటర్లు సాయంత్రం 4 నుంచి 7 వరకు విజిటర్స్ రూమ్‌లో కలవవచ్చు. గుర్తింపు కార్డు చూపి రిజిస్టర్‌లో సంతకం చేయాలి. గదుల్లోకి ఎవరికీ అనుమతి లేదు." ఈ చివరి వాక్యం కఠినమే. అందరికీ ఒకటే కాబట్టి ఎవరినీ నొప్పించదు.

అపోహ: ఫైన్ పెంచి, పేర్లు నోటీసు బోర్డులో పెడితే దారికొస్తారు.

డబ్బున్నవాళ్లకు ఫైన్ టికెట్ లాంటిది, కట్టేసి తిరుగుతారు. లేనివాళ్లకు నెల ఖర్చు తలకిందులవుతుంది. ఒకే తప్పు, రెండు రకాల శిక్ష. బోర్డు మీద పేర్లు, గ్రూపులో ఫొటోలు అయితే నేను నేరుగా కొట్టేస్తాను. తప్పు గేటు దగ్గర జరిగితే శిక్ష హాస్టల్ అంతా ఎందుకు చూడాలి?

"తగిన చర్య" అన్న మాట బదులు మెట్లు రాయాలి. చెప్పకుండా ఆలస్యమైతే మొదటిసారి రిజిస్టర్‌లో నమోదు మాత్రమే. అదే నెలలో రెండోసారైతే వార్డెన్ విడిగా మాట్లాడతారు. మూడోసారి రాతపూర్వక హెచ్చరిక ఇచ్చి ఇంటికి తెలియజేస్తారు, కానీ ఆ సంగతి ముందు విద్యార్థికి చెప్పాకే. హెచ్చరిక సరికాదనిపిస్తే 7 రోజుల్లో చీఫ్ వార్డెన్‌కి రాసుకోవచ్చు. నెల మారితే లెక్క మళ్లీ మొదటి నుంచి. వార్డెన్లు ఎక్కువగా అడ్డుపడేది ఈ చివరి మాటకే. అది లేకపోతే జూన్‌లో రెండుసార్లు ఆలస్యమైన పిల్ల, మార్చిలో ఇంకోసారి ఆలస్యమైతే నేరుగా మూడో మెట్టు మీద ఉంటుంది.

ర్యాగింగ్, మత్తు పదార్థాలు, దాడులు ఈ మెట్లలోకి రావు. వాటికి చట్టం ఉంది, వేరే సర్క్యులర్ ఉండాలి. ఆలస్యాన్నీ వాటినీ ఒకే పేజీలో పెట్టడం వల్లే సగం సర్క్యులర్లు బెదిరింపు లేఖల్లా తయారవుతాయి.

కొత్తది అంటించే రోజు పాతది అన్ని చోట్ల నుంచీ తీసేయండి, ముఖ్యంగా గేటు గదిలోది. ఏ తేదీ నుంచి అమలో పైనే రాసి, వాచ్‌మన్ దగ్గర కూర్చుని ఒకసారి చదివి వినిపించండి.