నాలుగు రెట్ల నియమం ఎక్కడిది? రాయగడలో ఒక ప్రెషర్ గేజ్ లెక్క

రాయగడ జిల్లా కర్మాగారాల ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్లలో ఒడియాతో పాటు తెలుగూ వినిపిస్తుంది. పార్వతీపురం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లూ, అక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్లూ ఆ పనిలో ఉన్నారు. అలాంటి ఒక సెక్షన్‌లో నేను పనిచేసిన రోజుల్లో ఆవిరి లైన్ల మీది ప్రెషర్ గేజ్‌లను మేమే విప్పి, రెండు గేజ్‌లకూ ఒకే ఒత్తిడి అందించే కంపారేటర్ మీద పెట్టి, మాస్టర్ గేజ్‌తో సరిచూసి సర్టిఫికెట్ రాసేవాళ్లం. సర్టిఫికెట్‌లో ఒక గడి ఉండేది. అందులో ఎప్పుడూ "4:1" అని రాసేవాళ్లం. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాయన ఆ గడి మీద వేలు పెట్టి, ఈ 4 దేన్ని దేనితో భాగిస్తే వచ్చిందని అడిగారు. "మన మాస్టర్ గేజ్ నాలుగు రెట్లు మెరుగైనదే కదండీ, ఇంకేం కావాలి?" అన్నాడు మా సీనియర్ మెకానిక్. ఆ జవాబు ఎందుకు చాలదో తెలియాలంటే ఆ అంకె పుట్టిన చోటికి వెళ్లాలి.

మొదట్లో ఉన్నది పదింట ఒక వంతు నియమం. యంత్రభాగాలకు గేజ్‌లు తయారుచేసేవాళ్లు, భాగానికి అనుమతించిన తేడాలో పదో వంతుకు మించిన దోషం గేజ్‌లో ఉండకూడదని పెట్టుకున్న కట్టుబాటు అది. ఒక్క మెట్టుకైతే ఇది మంచి నియమమే. అయితే కొలత ఒక్క మెట్టుతో ఆగదు. గుణుపురం సంతలో వర్తకుడి తూకపురాయిని ఇన్‌స్పెక్టర్ తన వర్కింగ్ స్టాండర్డ్‌తో సరిచూస్తాడు. దాన్ని సెకండరీ స్టాండర్డ్‌తో, దాన్ని రిఫరెన్స్ స్టాండర్డ్‌తో సరిచూడాలి. ఒడిశాలో ఆ పై మెట్టు భువనేశ్వర్‌లోని ప్రాంతీయ రిఫరెన్స్ స్టాండర్డ్స్ లేబొరేటరీ దాకా వెళ్తుంది, అక్కడి నుంచి న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చేరుతుంది. ఇలా నాలుగు మెట్లున్న గొలుసులో ప్రతి మెట్టుకూ పది రెట్ల మెరుగుదల అడిగితే, పై కొన కింది కొన కంటే పదివేల రెట్లు మెరుగ్గా ఉండాలి. నాలుగు రెట్లే అడిగితే 256 రెట్లు చాలు. ఖరీదు, సాధ్యాసాధ్యాల తేడా అంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది.

1950ల అమెరికా నౌకాదళానికి ఎదురైన ఇబ్బంది ఇదే. కొత్త ఆయుధాలకు అవసరమైన కొలతలు అప్పటి ప్రమాణాల సామర్థ్యాన్ని అందుకుంటూ ఉండటంతో, పది రెట్ల నియమాన్ని అన్ని మెట్లలో పాటించే వీలు లేకపోయింది. 1954లో అలింగ్ ఈగిల్ ఒక వ్యాసంలోనూ, ఫ్రాంక్ గ్రబ్స్, హెలెన్ కూన్ కలిసి మరో వ్యాసంలోనూ ఒక ప్రశ్నకు గణితరూపం ఇచ్చారు: కొలిచే సాధనంలోనే దోషం ఉన్నప్పుడు, చెడ్డ వస్తువు మంచిదిగా దాటిపోయే అవకాశం ఎంత, మంచి వస్తువు చెడ్డదిగా తిరస్కరణకు గురయ్యే అవకాశం ఎంత? కాలిఫోర్నియాలోని కరోనాలో ఉన్న నౌకాదళ ప్రయోగశాలలో పనిచేసిన జెర్రీ హేయ్స్ ఆ గణితాన్ని తీసుకుని 1955లో ఒక సాంకేతిక నివేదిక రాశారు. చెడ్డది దాటిపోయే అవకాశం దాదాపు 1 శాతం ఉంటే ఒప్పుకోవచ్చని అనుకుంటే, సుమారు మూడు రెట్ల నిష్పత్తి సరిపోతుందని లెక్క తేలింది. తయారీదారులు చెప్పుకునే ఖచ్చితత్వం మీద పూర్తి నమ్మకం లేక ఆ మూడును నాలుగు చేశారు.

అంటే నాలుగు ప్రకృతి నియమం కాదు. మూడుకు కాస్త భద్రత కలిపితే వచ్చిన అంకె. అప్పట్లో చేతిలో ఉన్నది స్లైడ్ రూల్ కాబట్టి, ప్రతి పరికరానికీ సంభావ్యత లెక్కించమంటే పని సాగదు, అందుకే అందరూ వాడగల ఒక నిష్పత్తిని విధానంగా పెట్టారు. అదే తరవాతి సైనిక ప్రమాణాల్లోకి పాకి, 1988 నాటి మిల్ స్టాండర్డ్ 45662ఎ లో మరింత స్పష్టమైన రూపం పొందింది: సరిచూడటానికి వాడే ప్రమాణ సాధనాల మొత్తం అనిశ్చితి, అంటే వాటి విలువ ఎంత అటూ ఇటూ ఉండవచ్చనే అంచనా, సరిచూసే లక్షణానికి అనుమతించిన తేడాలో 25 శాతాన్ని మించకూడదు.

నాలుగు ఎందుకు చాలుతుందో సులువుగా చూడవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దోషాలు నేరుగా కూడుకోవు. వాటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీయాలి. పరీక్షకు వచ్చిన పరికరం దోషం 1 అనుకుని, ప్రమాణ సాధనం దోషాన్ని అందులో నాలుగో వంతుగా తీసుకుంటే, మనకు కనిపించే దోషం 1.03 అవుతుంది. పదో వంతైతే 1.005, మూడో వంతైతే 1.05, సగమైతే 1.12. రెండూ సమానమైతే 1.41 అవుతుంది, అప్పుడు కనిపించిన తేడా ఎవరిదో చెప్పలేం. ఒకటి నుంచి నాలుగుకు వెళ్లేటప్పుడు వచ్చే లాభం చాలా పెద్దది. నాలుగు నుంచి పదికి వెళ్తే వచ్చేది రెండున్నర శాతమే. తూకపురాళ్ల అంతర్జాతీయ సిఫారసు అయిన ఓఐఎంఎల్ ఆర్ 111, రాయికి అనుమతించిన దోషంలో మూడో వంతుకు మించి అనిశ్చితి ఉండకూడదంటుంది. అక్కడ మూడుతోనే సరిపెట్టుకున్నారు.

ఇప్పుడు మా గడిలోని 4 సంగతి. మా గేజ్ 0 నుంచి 10 బార్‌ల డయల్, క్లాస్ 1, అనుమతించిన తేడా రెండు వైపులా 0.1 బార్. మాస్టర్ 25 బార్‌ల డిజిటల్ గేజ్. దాని ఖచ్చితత్వం పూర్తి స్కేలులో 0.1 శాతం, అంటే 0.025 బార్. 0.1ని 0.025తో భాగిస్తే సరిగ్గా నాలుగు వస్తుంది. పాత పద్ధతి ఇదే. రెండు పరికరాల మీద రాసిన ఖచ్చితత్వాలను పోల్చే ఈ నిష్పత్తిని టెస్ట్ అక్యురసీ రేషియో అంటారు. అది కొలతను కాదు, రెండు కేటలాగులను పోలుస్తుంది.

కొలతల అనిశ్చితిని ఎలా లెక్కించాలో 1993లో ఐఎస్ఓ పేరిట వచ్చిన మార్గదర్శి తరవాత ఆ పోలిక చాలదని అందరికీ అర్థమైంది. అమెరికాలో 2006లో వచ్చిన జెడ్540.3 ప్రమాణం టెస్ట్ అన్‌సర్టెనిటీ రేషియోను ఇలా నిర్వచించింది: పైభాగంలో అనుమతించిన తేడాల మధ్య ఉన్న మొత్తం వెడల్పు, కింద ఆ కొలత పనిలో 95 శాతం నమ్మకంతో వచ్చే అనిశ్చితికి రెట్టింపు. మన గేజ్‌కు రెండు వైపులా తేడా సమానం కాబట్టి 0.1ని ఆ అనిశ్చితితో భాగిస్తే చాలు. ముఖ్యం ఏమిటంటే, కింది భాగంలో మాస్టర్ ఒక్కటే కాదు, కొలిచే పని మొత్తం ఉంటుంది.

ఆ రాత్రి కూర్చుని వేసిన లెక్క నాకు ఇంకా గుర్తుంది. మాస్టర్ దోషం 0.025 హద్దుల్లో ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి దాన్ని మూడు వర్గమూలంతో భాగిస్తే 0.0144 బార్. మాస్టర్ సర్టిఫికెట్‌లోని అనిశ్చితి నుంచి 0.005. మా గేజ్ డయల్‌లో ఒక్కో గీతకు 0.2 బార్, గీతల మధ్య ముల్లును అయిదో వంతు దాకా అంచనా వేసి చదివేవాళ్లం, దాని వల్ల రెండు వైపులా 0.02, అదే పద్ధతిలో భాగిస్తే 0.0115. డయల్‌ను వేలితో మెల్లగా తట్టి మళ్లీ మళ్లీ తీసిన రీడింగుల తేడా 0.01. ఈ నాలుగింటి వర్గాల మొత్తానికి వర్గమూలం 0.0216, 95 శాతం నమ్మకం కోసం రెట్టింపు చేస్తే 0.043. 0.1ని దీనితో భాగిస్తే 2.3. మేము ఏళ్ల తరబడి 4 అని రాసిన చోట నిజంగా ఉండవలసింది 2.3.

పైగా మరో తప్పు బయటపడింది. మా కంపారేటర్ నూనెతో పనిచేసేది. గేజ్ ముల్లు ఎత్తుకూ మాస్టర్ ఎత్తుకూ దాదాపు 25 సెంటీమీటర్ల తేడా ఉంది. అంత నూనె స్తంభం దాదాపు 0.02 బార్ ఒత్తిడి చూపిస్తుంది. ఇంచుమించు మాస్టర్ దోషమంత పెద్ద అంకె, ఎప్పుడూ ఒకే వైపున. దీన్ని అనిశ్చితిలో కలపకూడదు, రీడింగులోంచి తీసివేయాలి. టేపుతో కొలిస్తే దొరికే సంగతిని మేము ఎవరమూ కొలవలేదు. ఇలాంటిది ఉందేమోనని తెలుసుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది: సున్నా దగ్గర నుంచి అన్ని బిందువుల్లోనూ దోషం ఒకే గుర్తుతో, దాదాపు ఒకే విలువతో వస్తుంటే ముందు ఎత్తు తేడాను అనుమానించాలి.

మాస్టర్‌ను మారిస్తే సరిపోతుందని అందరం అనుకున్నాం. 10 బార్‌ల మాస్టర్ తెస్తే దాని దోషం 0.01 బార్, కేటలాగు ప్రకారం పది రెట్లు మెరుగు. కానీ లెక్క వేస్తే నిష్పత్తి 2.9 దగ్గరే ఆగింది. మాస్టర్ దోషం, దాని సర్టిఫికెట్ అనిశ్చితి రెండూ సున్నా అయినా 3.3 దాటదు, ఎందుకంటే మిగిలిన అనిశ్చితి గేజ్ ముల్లును చదవడంలోనూ, ఆ ముల్లు తిరిగి అదే చోటికి రాకపోవడంలోనూ ఉంది. సరిచూసే పరికరం సొంత లోపాన్ని నిష్పత్తిలో కలపడం న్యాయమా అని వాదించేవాళ్లున్నారు. నా అభిప్రాయంలో కలపాలి. ఆ ముల్లును చదివే నిర్ణయం తీసుకుంటాం కాబట్టి.

చివరికి సాయపడింది కొలిచే వరుస మార్చడం. ఒత్తిడిని గుండ్రని అంకెకు తెచ్చి గేజ్ చదవడం మాని, గేజ్ ముల్లును సరిగ్గా గీత మీదికి తెచ్చి, ఆ ఒత్తిడిని డిజిటల్ మాస్టర్ మీద చదివాం. ముల్లు గీత మీద ఉందో లేదో కన్ను బాగా పసిగట్టగలదు. రెండు గీతల మధ్య భాగాన్ని అంచనా వేయడంలోనే అది తడబడుతుంది. చదవడంలోని అనిశ్చితి సగానికి తగ్గింది. కొత్త మాస్టర్‌తో కలిపి మొత్తం అనిశ్చితి 0.028 అయింది, నిష్పత్తి 3.6.

నాలుగు రాలేదు కదా అని సర్టిఫికెట్ ఆపనక్కర్లేదు. నిష్పత్తి ఎంత పెద్దదైనా, సరిగ్గా 0.1 దగ్గర తేడా చూపించిన గేజ్ విషయంలో నిర్ణయం తప్పే అవకాశం సగానికి సగం ఉంటుంది. నిష్పత్తి పెరిగితే ఆ అనుమానపు పట్టీ సన్నబడుతుంది, అంతే. మామూలుగా 95 శాతం గేజ్‌లు బాగుండే చోట 4:1తో తప్పు గేజ్ దాటిపోయే అవకాశం 0.8 శాతం దగ్గర ఉంటుంది. సగం గేజ్‌లు చెడిపోయి వచ్చే చోట అదే నిష్పత్తి అంత భరోసా ఇవ్వదు. జెడ్540.3 అందుకే తప్పుగా దాటే అవకాశాన్ని 2 శాతానికి లోపు ఉంచమని అడిగి, అది లెక్కించడం వీలుకాని చోట మాత్రమే 4:1ను ఒప్పుకుంది. ప్రయోగశాలలకు వర్తించే 2017 నాటి ఐఎస్ఓ/ఐఈసీ 17025 ప్రమాణం కూడా, పాస్ లేదా ఫెయిల్ అని చెప్పేటప్పుడు అనిశ్చితిని ఎలా లెక్కలోకి తీసుకున్నారో చెప్పే నిర్ణయ నియమం ఉండాలంటుంది.

మేము పెట్టుకున్న నియమం సాదాది: అనుమతించిన 0.1 నుంచి అనిశ్చితిని తీసేసి, మిగిలిన దానిలోపు ఉంటేనే పాస్. పాత మాస్టర్‌తో ఆ హద్దు 0.057, కొత్తదానితో 0.072. ఆ వారం 6 బార్‌ల దగ్గర 0.07 ఎక్కువ చూపించిన గేజ్ ఒకటి వచ్చింది. పాత మాస్టర్ హద్దుతో అయితే దాన్ని పాస్ చేయలేకపోయేవాళ్లం. కొత్త లెక్కలో అది పాస్ అయి తిరిగి లైన్ మీదికి వెళ్లింది. దాని పక్కనే ఉన్న, 0.08 చూపించిన గేజ్‌ను ముల్లు సర్దడానికి బెంచ్ మీద ఉంచి, గడిలో 3.6:1 అని రాసి, కింద 0.028 బార్ అనిశ్చితిని కూడా రాశాం.