సెకండరీ డామినెంట్ కార్డులు: భజన వేదికల దగ్గర వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

పర్లాకిమిడిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ భజనలకు, పెళ్లిళ్లకు కీబోర్డు వాయిస్తూ ఉంటాను. ఒకే వేదికపై తెలుగు పాట తరువాత ఒడియా పాట వస్తుంది, పాడేవారికి స్వరం తెలుసు గానీ కార్డుల సంగతి పెద్దగా పట్టదు. రాబోయే కార్డు మూలస్వరం నుంచి ఐదవ స్వరంపై కట్టిన 7 కార్డును దానికి కాస్త ముందు వేస్తే, అదే సెకండరీ డామినెంట్. దాని గురించిన ఈ అపోహలన్నీ అక్కడ నేను విన్నవే, వాటిలో ఒకటి ఒకప్పుడు నాది కూడా.

అపోహ: పాటలో లేని స్వరం ఒకటి కార్డులోకి వచ్చిందంటే రాగం మారిపోయినట్టే.

వాస్తవం: సి ని ఆధార షడ్జంగా పెట్టుకొని శంకరాభరణం స్వరాలలో సాగే ఒక సులువైన పల్లవిని తీసుకుందాం. నాలుగు అక్షరాలకు ఒక కార్డు చొప్పున నడుస్తున్న ఈ వరుసలో మనం మార్చేది మొదటి కార్డు చివరి రెండు అక్షరాలు మాత్రమే.

```
ముందు:   | C      | Dm | G | C |
తరువాత: | C  A7  | Dm | G | C |
```

చేరవలసిన కార్డు Dm, దాని మూలస్వరం రి. రి, గ, మ, ప, ధ అని లెక్కపెడితే ఐదవది ధ, అంటే ఏ. దానిపై కట్టిన A7 లో ధ, శుద్ధ రిషభం, గ, ప ఉంటాయి. వీటిలో శుద్ధ రిషభం, అంటే సి షార్ప్, ఒక్కటే పాటకు బయటిది. అది అర మెట్టు పైకెక్కి చతుశ్రుతి రిషభంలో కలుస్తుంది, ప ఒక స్వరం దిగి మ లో కూర్చుంటుంది, ధ ఉన్నచోటే ఉండిపోతుంది. ఎడమచేతి వేలు ఆ రెండు అక్షరాల్లో సి షార్ప్ మీద ఉంటే మంద్రంలో సి, సి షార్ప్, డి అని మూడు మెట్లు వరుసగా వినిపించి, Dm రాబోతోందని చెవికి ముందే తెలిసిపోతుంది. రెండు అక్షరాల్లో వచ్చి వెళ్లే ఈ స్వరం వల్ల ఆధార షడ్జం మారదు, గాయకుడు పాడే వరుసా మారదు. మా హార్మోనియం పెద్దాయన ఒడియావారు, దీన్ని విని, శుద్ధ రిషభాన్ని హిందుస్తానీ పేరుతో పిలుస్తూ “కోమల్ రే ఎక్కడిది?” అని అడిగారు. కార్డులో ఉంది, పాటలో లేదు అని చెప్పాను.

అపోహ: పక్కన 7 ఉన్న కార్డు ఏదైనా సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. Am7 లో శుద్ధ రిషభం ఉండదు, షడ్జమే ఉంటుంది కాబట్టి Dm వైపు ఆ లాగుడు రాదు. సులువు వేళ్ల పద్ధతిలో వాయించే కొన్ని కీబోర్డులలో మూలస్వరంతో పాటు దాని ఎడమనున్న తెల్ల మెట్టును నొక్కితే A7 వస్తుంది, నల్ల మెట్టు కూడా తగిలితే Am7 అవుతుంది. తెరపై `A7` అని కనిపిస్తోందా, `Am7` అని కనిపిస్తోందా అని ఒకసారి చూసుకుంటే చాలు.

అపోహ: కార్డు సరైనదైతే ఎక్కడ వేసినా నప్పుతుంది.

వాస్తవం: ఇది నా అపోహే. ఒక భజనలో Am కు ముందు E7 వేశాను, లెక్క ప్రకారం అది తప్పు కాదు. కానీ సరిగ్గా ఆ రెండు అక్షరాల్లో పాడే అమ్మాయి ప మీద నిలిచింది, నా E7 లో శుద్ధ ధైవతం మోగింది. అర మెట్టు దూరంలో రెండూ ఒరుసుకోగానే ఆమె శ్రుతి తప్పిందనుకొని గొంతు సవరించుకుంది, నిజానికి తప్పింది నేను. అప్పటి నుంచి కార్డు వేసే ముందు ఆ రెండు అక్షరాలలో గాయని ఏ స్వరం మీద నిలుస్తోందో చూస్తాను. A7 విషయంలో ఆమె గ, ప, ధ లలో దేనిపై ఉన్నా ఇబ్బంది లేదు, సా మీద నిలిస్తే మాత్రం శుద్ధ రిషభంతో తగువు తప్పదు. అప్పుడు A7 ను చివరి ఒక్క అక్షరానికి కుదిస్తాను, అప్పటికీ సా వదలకపోతే మానేస్తాను.

శ్రుతిపెట్టె సా, ప లను విడవకుండా మోగిస్తున్నప్పుడు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పాడేవారు ఏ స్వరం మీద ఉన్నా A7 శ్రుతిలోని సా తోనూ, E7 ప తోనూ ఒరుసుకుంటాయి. D7 లోని ప్రతి మధ్యమం ప కు పక్కనే ఉంటుంది కాబట్టి దాన్ని కూడా నెమ్మదిగానే తాకాలి. అన్నిటికన్నా మెత్తనిది F కు దారితీసే C7. అందులో సా, గ, ప యథాతథంగా ఉండగా కొత్తగా చేరేది కైశిక నిషాదం ఒక్కటే. శ్రుతిపెట్టె ఉన్న వేదికపై నేను ముందుగా వెతికేది C నుంచి F కు వెళ్లే చోటునే.

అపోహ: ప్రతి కార్డు ముందూ వేస్తే పాటకు మరింత నిండుదనం వస్తుంది.

వాస్తవం: ఎనిమిది ఆవర్తాల పల్లవిలో ఒకటి, మహా అయితే రెండు చోట్ల చాలు. అన్ని చోట్లా వేస్తే ఏ కార్డూ ఇంటికి చేరినట్టు ఉండదు, తబలావాదకుడు కూడా ముగింపు ఎక్కడో తెలియక తిహాయి వేయడానికి వెనకాడతాడు.