కరెంటు ఫిర్యాదుల్లో ఏది ముందు? కొన్ని అపోహలు - వాస్తవాలు

కరెంటు ఫిర్యాదుల కేంద్రంలో చాలా ఏళ్లు డెస్క్ చూశాను. వచ్చిన ఫిర్యాదును నాలుగు స్థాయిల్లో ఒకదానిలో వేయాలి. ప్రాణాపాయం ఉంటే స్థాయి 1. గడువు మీద పడుతుంటే 2. మామూలు సరఫరా సమస్యలు 3. బిల్లు, పేరు మార్పు లాంటివి 4. గాలివాన వచ్చిన రాత్రి వీటిని ఒక్కొక్కటీ చదివి పంచడం ఎవరి తరమూ కాదు. అందుకే కంప్యూటరే పంచేలా పదాల రూల్స్, గడువు రూల్స్ రాసుకున్నాం. ఈ పని గురించి బయటివాళ్లకే కాదు, మా అసిస్టెంట్ ఇంజనీర్లకూ కొన్ని అపోహలు ఉన్నాయి.

అపోహ: "షాక్", "తీగ", "మంట" అనే పదాలు పట్టుకుంటే చాలు, ప్రమాదం దొరికినట్టే.

వాస్తవం: మొదటి వారంలోనే "ఈ నెల బిల్లు చూసి షాక్ కొట్టింది" అనే ఫిర్యాదు స్థాయి 1కి ఎక్కింది. రాత్రి పదకొండింటికి లైన్‌మన్‌ని లేపారు. ఆయన ఫోన్‌లో ఏమన్నాడో ఇక్కడ రాయను.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. మన పదాల తోకలు మారుతూ ఉంటాయి. వైరు, వైర్లు, వైరుకి, వైర్లమీద అన్నీ దొరకాలని మొదటి భాగం "వైర" మాత్రమే వెతకమన్నాం. "మీ యాప్‌లో వైరస్ ఉంది" అన్న ఫిర్యాదు కూడా తెగిన తీగల వరుసలో వచ్చి కూర్చుంది. కాదు, లేదు అనే మాట మన వాక్యంలో చివర వస్తుంది కాబట్టి "షాక్ అయితే కొట్టడం లేదు" అన్నదీ షాక్ ఫిర్యాదే అయిపోయింది. వీటికి తోడు కంటికి కనిపించని సమస్య ఒకటి. "ట్రాన్స్‌ఫార్మర్" అని టైప్ చేసేటప్పుడు కొన్ని కీబోర్డులు మధ్యలో కనిపించని అక్షరం ఒకటి పెడతాయి, కొన్ని పెట్టవు. చూడటానికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం రెండు వేర్వేరు పదాలు. వెతికే ముందే ఆ కనిపించని అక్షరాన్ని తీసేయాలి. ఇది కనిపెట్టడానికి మాకు రెండు రోజులు పట్టింది.

చివరికి ఒంటరి పదం మీద స్థాయి 1 ఇవ్వడం మానేశాం. జత ఉండాలి. "షాక్" పక్కన స్తంభం, గోడ, కుళాయి, మోటారు లాంటి వస్తువు ఉండాలి. "తీగ" లేదా "వైరు" పక్కన తెగి, వేలాడు, నేల మీద లాంటి మాట ఉండాలి. అదే వాక్యంలో "బిల్లు" ఉంటే షాక్ రూల్ పనిచేయదు. లేదు, రావట్లేదు అనేవి ఉంటే మాత్రం రూల్ తనంతట తాను తగ్గించకుండా మనిషి ముందు పెడుతుంది. ప్రమాదం లేదని తేల్చే పని యంత్రానికి ఇవ్వలేదు.

అపోహ: ఏ పదమూ దొరక్కపోతే అది చిన్న ఫిర్యాదే.

వాస్తవం: "మా చేలో స్తంభం దగ్గర గేదె పడిపోయింది, లేవట్లేదు" అని ఒకరు రాశారు. షాక్ లేదు, తీగ లేదు, మంట లేదు. కరెంటు పని తెలిసినవాళ్లకి మాత్రం చదవగానే గుండె జారుతుంది. స్తంభంలోకో, దాన్ని వంగకుండా లాగి కట్టిన స్టే వైరులోకో కరెంటు దిగి ఉండొచ్చు, గేదెను లేపడానికి వెళ్లిన మనిషే తర్వాతి బాధితుడు కావచ్చు. అది స్థాయి 4లో పడకుండా కాపాడింది మేం పెట్టుకున్న ఒక ఖాళీ రూల్: `N-00`, అంటే ఏ రూలూ తగల్లేదు. ఇది తగిలిన ప్రతి ఫిర్యాదూ స్థాయి 3లోకి వెళ్తుంది, మనిషి చదివాకే కిందికి దిగుతుంది. ఆ తర్వాత గేదె, ఆవు, మేక, ఎద్దు పదాలను స్తంభంతో జతచేసి కొత్త రూల్ రాశాం.

అపోహ: స్థాయి చెబితే చాలు, ఏ రూల్ తగిలిందో ఎవరికి కావాలి?

వాస్తవం: దీనికి మాత్రం ఒక ఫిర్యాదు కథ మొత్తం చెప్పాలి.

ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ నియంత్రణ మండలి 2004లో ఇచ్చిన సేవా ప్రమాణాల్లో ట్రాన్స్‌ఫార్మర్ పాడైతే పట్టణాల్లో 24 గంటలు, పల్లెల్లో 48 గంటలు గడువు పెట్టారు. మా గడువు రూల్స్ అలాంటి పట్టిక మీదే నడిచేవి. ఒక పల్లె నుంచి సోమవారం ఉదయం 8 గంటలకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని ఫిర్యాదు వచ్చింది, స్థాయి 3. గడువులో ముప్పావు వంతు, అంటే 36 గంటలు గడిచేసరికి మంగళవారం రాత్రి 8కి గడువు రూల్ దాన్ని స్థాయి 2కి ఎత్తింది. బుధవారం ఉదయం 6:40కి అదే రైతు మళ్లీ రాశాడు: "ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా మార్చలేదు, రాత్రి గాలికి పక్క లైను తీగ కిందికి వేలాడుతోంది." తెర మీద ఇలా వచ్చింది:

```
స్థాయి 1
D-03 తీగ_వేలాడు : "తీగ" + "వేలాడు"
T-48 గడువు_75% : మొదలు సోమ 08:00, మిగిలింది 1:20
```

ఉత్త "స్థాయి 1" అని వెళ్లి ఉంటే, రెండు రోజులుగా ట్రాన్స్‌ఫార్మర్ గొడవే వింటున్న లైన్‌మన్ దాని గురించే అనుకుని కొత్తది తెచ్చే బండి కోసం చూసేవాడు. `D-03` కనిపించింది కాబట్టి ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ, అంటే లైన్ ఆపించి పని చేసుకునే అనుమతి తీసుకున్నాడు, లైన్ ఆగాకే పొలంలోకి వెళ్లాడు.

రెండో వరుస అసలు విలువ ఆ తర్వాత తెలిసింది. ఎనిమిది కాకముందే తీగ ఎత్తి కట్టారు, "పని అయింది" అని ఫిర్యాదు మూయబోయారు. సిస్టమ్ మూయనివ్వలేదు. `D-03` తీరింది, `T-48` తీరలేదు, కాబట్టి మళ్లీ స్థాయి 2. గెలిచిన రూల్ పేరొక్కటే రాసి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ సంగతి అక్కడితో మాయమయ్యేది. అందుకే తగిలిన రూల్స్ అన్నీ, అవి పట్టుకున్న మాటలతో సహా రాయాలి. రూల్ మార్చినప్పుడు దాని పేరు కూడా మార్చాలి. లేదంటే ఆరు నెలల తర్వాత పాత ఫిర్యాదు తీస్తే అప్పటి `D-03` ఏం వెతికిందో తెలియదు.

అపోహ: గడువు దాటితే దాన్ని స్థాయి 1 చేయాలి.

వాస్తవం: చేయకూడదు. గడువు రూల్ స్థాయి 2 దాకానే ఎత్తగలదు. గాలివాన తర్వాత రోజు వందల ఫిర్యాదులు ఒకేసారి గడువు దాటతాయి. అవన్నీ పైకి ఎక్కితే నేల మీద పడ్డ తీగ ఆ గుంపులో నలిగిపోతుంది. గడువు దాటినవాటికి వేరే వరుస, వేరే అధికారి.

అపోహ: ఫిర్యాదు మూసి మళ్లీ తెరిస్తే గడియారం మొదటి నుంచి మొదలవుతుంది.

వాస్తవం: దీన్ని అపోహ అనడం నా మర్యాద, ఇది అలవాటు. గడువు ఇంకో గంటలో అయిపోతుందనగా మూసేసి, వినియోగదారుడు మళ్లీ ఫోన్ చేస్తే కొత్త నంబర్ ఇవ్వడం. మేం సర్వీస్ నంబర్, సమస్య రకం రెండూ ఒకటే అయి, మూసి 72 గంటలు కాకపోతే పాత గడియారాన్నే కొనసాగించాం. ఆ రూల్ పేరు `R-01`. మొదటి నెల ఏ సెక్షన్‌లో అది ఎన్నిసార్లు తగిలిందో పట్టిక తీసి మీటింగ్‌లో పెడితే, రెండో నెల నుంచి కొన్ని సెక్షన్లలో సమస్య రకం మార్చి రాయడం మొదలైంది. దాంతో రకం కలవాలన్న షరతు తీసేసి, సర్వీస్ నంబర్ ఒక్కటే చూడమన్నాం.